బ్యాలెన్స్ షీట్‌లో సరుకు నిల్వ దగ్గర ఆగి చూడండి

ప్రశ్న: మా బావగారు తన మిల్లులో నన్ను భాగస్వామిగా చేరమంటున్నారు. బ్యాలెన్స్ షీట్ పంపారు. ఆస్తులు, అప్పులు, మూలధనం ఉన్నాయి, రెండు వైపులా మొత్తం సరిపోయింది. దీన్ని చూసి వ్యాపారం బాగుందో లేదో ఎలా చెప్పాలి?

రెండు వైపులా మొత్తం సరిపోయిందని సంతోషించకండి. అది ఎప్పుడూ సరిపోతుంది. లేని సరుకును ఉన్నట్టు రాసినా సరిపోతుంది. రాసిన మేరకు అమ్మిన సరుకు ఖర్చు తగ్గినట్టు కనిపించి లాభం పెరుగుతుంది, ఆ లాభం వెళ్లి మూలధనంలో కూర్చుంటుంది.

నేను కాశీబుగ్గలో లెక్కలు రాసేవాణ్ని. ఎక్కువగా జీడి మిల్లులవి, ఒకటి రెండు బియ్యం మిల్లులవి. నా అనుభవంలో బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు అబద్ధాలు తక్కువ. అప్పు ఇచ్చినవాడు తన పుస్తకంలో రాసుకుంటాడు కాబట్టి అది దాగదు. ఆస్తులకు అలా సాక్షి ఉండడు. ఆ రెండింటి తేడాయే మూలధనం కనుక, ఆస్తుల్లో ఎంత గాలి ఉంటే మూలధనంలో అంత గాలి ఉంటుంది. అందుకే నేను మూలధనం అంకెను ఆఖరున చూస్తాను.

మా తోడల్లుడి సంగతి చెబుతాను. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చి, చేతిలో ఉన్న డబ్బుతో ఏదో ఒకటి చేయాలని తిరుగుతున్న రోజుల్లో పలాస దగ్గర ఒక జీడి మిల్లువారు 25 లక్షలు పెడితే ఐదో వంతు వాటా ఇస్తామన్నారు. మిల్లు పేరు చెప్పను. కాగితం ఫోనులో ఫోటోగా వచ్చింది, అదీ ఒక్క పేజీ. ఈ ఫోటోల అలవాటు మీద నాకు చాలా కోపం. అసలు విషయమంతా వెనక ఉండే అనుబంధాల్లో ఉంటుంది. నిల్వ వివరం, బాకీదారుల జాబితా, భాగస్వాముల మూలధన ఖాతాలు లేకుండా మొదటి పేజీ పంపడమంటే పెళ్లికొడుకు ఫోటో పంపి ఊరు చెప్పకపోవడమే. గట్టిగా అడిగితే పది రోజులకు మిగతావి వచ్చాయి.

మార్చి 31 నాటి లెక్క ఇది. ఆస్తులు: భూమి, భవనాలు 120 లక్షలు, యంత్రాలు 40, సరుకు నిల్వ 150, రావాల్సిన బాకీలు 75, డిపాజిట్లు వగైరా 10, నగదు 5. మొత్తం 400. ఇటువైపు భాగస్వాముల మూలధనం 150, బ్యాంకు టర్మ్ లోను 30, సరుకు నిల్వ, బాకీల మీద బ్యాంకు వాడుకోనిచ్చే సీసీ ఖాతా 120, బంధుమిత్రుల దగ్గర తెచ్చిన అప్పులు 60, సరుకు ఇచ్చినవారికి చెల్లించాల్సింది 40. ఇదీ 400. ఆ ఏడాది లాభం 18 లక్షలు. మావాడి లెక్క చాలా సులువుగా ఉంది: "అన్నయ్యా, 150కి నా 25 కలిస్తే 175. అందులో ఐదో వంతు 35. పాతిక పెడితే ముప్పై అయిదు వస్తోంది కదా!"

నేను భూమితో మొదలుపెట్టాను. అనుబంధంలో చూస్తే 30 లక్షలకు కొన్న స్థలం విలువను రెండేళ్ల కిందట 90కి పెంచారు. పెరిగిన 60 లక్షలను భాగస్వాముల మూలధన ఖాతాల్లో జమ చేశారు. జాతీయ రహదారికి దగ్గర స్థలం, ఆ ధర నిజమే కావచ్చు. కానీ ఆ కాగితాలు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి. స్థలం అమ్మితే మిల్లే ఉండదు. పైగా ఆ 60 లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఎవరూ తెచ్చి పెట్టింది కాదు. బ్యాంకువాళ్లు నికర విలువ లెక్కించేటప్పుడు ఇలా పెంచిన మొత్తాన్ని తీసేస్తారు. నేనూ తీసేశాను. మూలధనం 90 అయింది. స్థలం ధర గురించి మాట్లాడాలంటే అది వేరే బేరం.

తర్వాత బాకీలు. 75 లక్షల్లో 25 లక్షలు ఒకే దలారీ దగ్గర, ఏడాదికి పైగా కదలకుండా ఉన్నాయి. జీడిపప్పు బాకీ ఏడాది దాటిందంటే ఆ పప్పు ఎప్పుడో అమ్ముడుపోయి తినేసి ఉంటారు. "వస్తాయండీ, పాత మనిషి" అన్నారు. వచ్చినప్పుడు చూద్దామని అవీ తీసేశాను. మిగిలింది 65.

ఇక నిల్వ. ఆస్తుల్లో అన్నిటికన్నా పెద్ద అంకె అదే, నా అనుమానమంతా దాని మీదే. నిల్వ వివరంలో 800 బస్తాల తొక్క తీయని జీడి పిక్కలు, బస్తా 12,000 చొప్పున 96 లక్షలు. 9 టన్నుల పప్పు, కిలో 600 చొప్పున 54 లక్షలు. మా వైపు పిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఆ మిల్లు రోజుకు 12 బస్తాలు ఆడిస్తుంది. అంటే రెండు నెలలకు పైగా సరిపడే పిక్క మార్చి 31న గోదాములో ఉందన్నమాట. ఉద్దానం తోటల్లో మార్చి నెలాఖరుకు కొత్త పిక్క ఇప్పుడిప్పుడే రాలుతూ ఉంటుంది. పాత పంట అప్పటికి ఆడించేసి ఉంటారు. స్థానిక పిక్క మీద నడిచే మిల్లుకు ఏడాది మొత్తంలో నిల్వ పలచబడాల్సిన రోజులవి. ఓడలో వచ్చిన ఆఫ్రికా పిక్క కొని ఉంటే నిల్వ ఉండవచ్చు, కానీ వీళ్ల దగ్గర ఆ బిల్లులు లేవు.

ఏప్రిల్ మూడో వారంలో మావాడూ నేనూ గోదాముకు వెళ్లాం. మిల్లు భాగస్వామి ఒకరు తోడు వచ్చారు. "బ్యాంకువాళ్లు కూడా చూసి వెళ్లారు మాస్టారూ" అన్నారు ఆయన. లెక్కలు రాసేవాళ్లను ఇక్కడ చాలామంది మాస్టారనే పిలుస్తారు. గుమ్మం ఎదురుగా గోతాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నేను వెనక వైపు వెళ్లి, అక్కడి వరుసలోంచి ఒక బస్తా దింపమన్నాను. ఇద్దరు పట్టి ఎత్తితే గానీ వీపు మీదికి రాని బరువు పిక్కల బస్తాది. ఆ కళాసీ ఒక్కడే దాన్ని పట్టి లాగి పక్కకు విసిరాడు. గోతం మీద నల్లటి నూనె మరకలు. లోపల పిక్క కాదు, పప్పు తీసిన తర్వాత మిగిలే తొక్క. దానికీ ధర ఉంది, నూనె మిల్లులవాళ్లు కొంటారు. కానీ పిక్క ధరతో దానికి పోలికే లేదు. భాగస్వామిగారు ఆ బస్తా వంక చూడలేదు, ఫోను చూసుకుంటూ నిలబడ్డారు.

తొక్క బస్తాలు పక్కన పెట్టి లెక్కిస్తే పిక్కల బస్తాలు 460 తేలాయి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. మార్చి 31న 800 ఉంటే ఇప్పుడు 460 ఉన్నాయి కాబట్టి మోసం అనేస్తారు. అలా అనకూడదు, మధ్యలో మిల్లు ఆడింది కదా. ఏప్రిల్ ఒకటి నుంచి కొన్న పిక్కల బిల్లులు చూశాను, 200 బస్తాలు. ఆడించింది 20 రోజులు, రోజుకు 12 చొప్పున 240. కూలి పప్పు కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి పప్పు ఒలిచేవాళ్ల కూలి పుస్తకంతో దాన్ని సరిచూశాను. 800కి 200 కలిపి 240 తీసేస్తే 760 ఉండాలి. 300 బస్తాలు లేవు. బస్తా 12,000 చొప్పున 36 లక్షలు.

ఆ 36 లక్షలను ఇప్పుడు పైనున్న అంకెల్లో పెట్టి చూడండి. ముగింపు నిల్వ 36 లక్షలు ఎక్కువ రాశారంటే లాభం కూడా అంతే ఎక్కువ రాసినట్టు. వాళ్లు చూపించిన లాభం 18, అంటే నిజానికి 18 లక్షల నష్టం. అంతకు ముందు ఏడాది నిల్వలో కూడా గాలి ఉంటే ఈ నష్టంలో కొంత పాతది అవుతుంది. ఈ ఏడాది ముగింపు నిల్వే వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ కాబట్టి, నష్టంలో ఉండి ఒకసారి పెంచినవాడు మరుసటి ఏడాదీ నష్టమే వస్తే ఇంకా ఎక్కువ పెంచితే తప్ప లాభం చూపించలేడు. అందుకే మూడేళ్ల కాగితాలు అడగాలి. అమ్మకాలు పెరగకుండా నిల్వ మాత్రం ఏటేటా పెరుగుతుంటే గోదాముకు వెళ్లకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

ఎందుకు పెంచారంటే సీసీ ఖాతా కోసం. వాళ్ల బ్యాంకు నిల్వకూ కొత్త బాకీలకూ కలిపి, సరుకు ఇచ్చినవారి బాకీ తీసేసి, మిగిలిన దానిలో 75 శాతం వాడుకోనిస్తుంది. నిల్వ 150, కదిలే బాకీలు 50, కలిపి 200. అందులో 40 తీసేస్తే 160. దానిలో 75 శాతం 120. సీసీలో వాడింది సరిగ్గా 120! నిల్వను 114గా రాసి ఉంటే వాళ్లకు దక్కేది 93 లక్షలే, వెంటనే 27 లక్షలు తెచ్చి కట్టాల్సి వచ్చేది. మా తోడల్లుడిని అడిగిన పాతిక లక్షలు ఎక్కడికి వెళ్లేవో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

మూలధనం చివరికి 65లోంచి 36 పోగా 29 లక్షలు. అందులో మావాడి 25 కలిపితే 54, ఐదో వంతు 10 లక్షల 80 వేలు. అతను చేరలేదు. మా ఆవిడ వైపు బంధువుల్లో ఒకరిద్దరు మాత్రం మంచి అవకాశం చెడగొట్టానని ఇప్పటికీ నన్ను అంటారు.

ఆడిటర్ ముద్ర ఉంది కదా అని మీ బావగారు అనవచ్చు. ముద్ర కింద నోట్సు చదవండి. చిన్న సంస్థల కాగితాల్లో "ముగింపు నిల్వ యాజమాన్యం ధ్రువీకరించిన మేరకు" అనే అర్థంలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. బస్తాలు తాను లెక్కించలేదని ఆడిటర్ మర్యాదగా చెప్పడమది. తప్పు ఆయనది కాదు, ఆ వాక్యం చదవనివారిది.

భాగస్వాముల మూలధన ఖాతాలు కూడా తప్పక తెప్పించుకోండి. సొంత వాడకాలు లాభం కన్నా ఎక్కువగా ఉంటే, ఆ ఏడాది వాళ్లింట్లో పెళ్లి జరిగిందో ఇల్లు కట్టారో కనుక్కోండి. మా వైపు మిల్లు డబ్బుతో పెళ్లి చేయడం కొత్తేమీ కాదు. ఆ డబ్బును తర్వాత బంధుమిత్రుల అప్పుగా తెచ్చి పూడుస్తారు. ఆ అప్పు మీద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ నడుస్తుంటుంది.

బ్యాలెన్స్ షీట్‌లో కనిపించనిది ఒకటుంది. 1932 భాగస్వామ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం, కొత్తగా చేరిన భాగస్వామి చేరిన నాటికి ముందున్న సంస్థ అప్పులకు కేవలం చేరినందువల్ల బాధ్యుడు కాడు. ఆ మాట చూసి ధైర్యపడకండి. చేరిన తర్వాత చేసే అప్పులకు 25వ సెక్షన్ కింద మీ సొంత ఆస్తి కూడా బాధ్యతలోకి వస్తుంది. పాత సీసీ ఖాతాకు బ్యాంకు కొత్త భాగస్వామి చేత కూడా హామీ పత్రం మీద సంతకం పెట్టించుకుంటే 31వ సెక్షన్ అక్కడ మిమ్మల్ని కాపాడదు. ఆ సంతకం అడుగుతారా లేదా అన్నది మీ బావగారిని ముందు అడగండి, నిల్వ లెక్కించడానికి గోదాము తాళం ఎప్పుడు తీస్తారో కూడా అప్పుడే అడగండి.