రిఫరల్ బహుమతి ఎంత ఇవ్వాలి?

"ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతున్నాను. లాభం తగ్గకుండా రిఫరల్ ఆఫర్ ఎలా పెట్టాలి?"

డబ్బు వెనక్కివ్వకండి, సరుకివ్వండి. 800 రూపాయల ఆర్డర్‌లో సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోను 240 మిగులుతుందనుకుందాం. కొత్తవారికి 50 తగ్గించండి. వాళ్లను మీ దగ్గరికి పంపిన పాత కస్టమర్‌కు కందిపొడి ప్యాకెట్ ఇవ్వండి. దాని ధర 90 అయినా మీకు పడేది 35. మొత్తం ఖర్చు 85, చేతిలో 155 మిగులుతుంది.

ఆ ప్యాకెట్‌ను విడిగా పంపొద్దు, వాళ్ల తర్వాతి ఆర్డర్‌లోనే పెట్టండి. కొరియర్ ఖర్చు తప్పుతుంది, ఇంకో ఆర్డరూ వస్తుంది. అదీ కొత్తవారికి పార్సిల్ అంది, డబ్బు మీకు చేరాకే. క్యాష్ ఆన్ డెలివరీలో వెనక్కొచ్చేవి ఎక్కువ కదా!

ఒకే ఇంట్లో నంబర్లు మార్చి కొనేవాళ్లుంటారు, అందుకే చిరునామా కూడా సరిచూడండి. ఇలా వచ్చినవాళ్లు తగ్గింపు లేకుండా రెండోసారి కొనకపోతే, వాళ్లను రప్పించింది ఆ 50 రూపాయలే, దాన్ని తగ్గించండి.