లింక్డిన్‌లో పచ్చళ్ల కంపెనీ యజమానికి 200 అక్షరాల్లో నోట్ రాయడం ఎలా?

ప్రశ్న: ఆహార ఉత్పత్తుల ప్యాకెట్లకు డిజైన్లు చేస్తాను. ఒక పచ్చళ్ల కంపెనీ యజమానికి లింక్డిన్‌లో కనెక్షన్ కోరుతూ నోట్ రాస్తుంటే 200 అక్షరాల దగ్గరే పెట్టె నిండిపోతోంది. తెలుగులో రాస్తే మూడు వాక్యాలు కూడా సరిగా పట్టడం లేదు. ఏమి ఉంచాలి, ఏమి తీసేయాలి?

జవాబు:

నేనూ ఇదే పనిలో ఉన్నాను. నాకు పని ఇచ్చినవాళ్లలో చాలామందితో తొలి పరిచయం ఇలాంటి నోట్‌తోనే జరిగింది. ఆ నోట్‌తో పని అడగకండి. ఆయన మీ కోరికను అంగీకరిస్తే చాలు, అక్కడితో దాని బాధ్యత తీరిపోతుంది. అంగీకరించాక పంపే సందేశంలో చోటుకు ఇంత కరవు ఉండదు. చెప్పాల్సినదంతా అక్కడ చెప్పుకోవచ్చు.

ముందు ఆ 200 లెక్క చూద్దాం. ఉచిత ఖాతాకు 200, డబ్బు కట్టే ప్రీమియం ఖాతాకు 300. అయితే కంప్యూటర్ మనలాగా అక్షరాలు లెక్కపెట్టదు. గుణింతం గుర్తును ఒకటిగా, పొల్లును ఒకటిగా, సున్నాను ఒకటిగా విడివిడిగా లెక్కిస్తుంది. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు, దానికి ఏడు. ఖాళీలు, చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. అందువల్ల తెలుగులో 200 అంటే పాతిక మాటల చిల్లర. ఒత్తులు ఎక్కువ ఉన్న మాట వాడితే ఆ పాతికా రావు. ‘సంప్రదించగలరని ప్రార్థన’ లాంటి మర్యాద వాక్యం ఒక్కటే మీ స్థలంలో తొమ్మిదో వంతుకు పైగా తినేస్తుంది.

ఆ పాతిక మాటల్లో చాలామంది సగం వృథా చేసేది తమ పరిచయానికే. ‘నా పేరు ఫలానా, ప్యాకేజింగ్ డిజైన్ రంగంలో ఉన్నాను’ అని మొదలుపెడతారు. అవతలి వ్యక్తికి మీ ఆహ్వానం కనిపించేటప్పుడు మీ ఫొటో, పేరు, పేరు కింద మీరు పెట్టుకున్న హెడ్‌లైన్ కూడా కనిపిస్తాయి. అవి చెప్పేశాక నోట్‌లో మళ్లీ చెప్పడమెందుకు? కాబట్టి నోట్ రాసే ముందు హెడ్‌లైన్ సరిచేసుకోండి. ‘క్రియేటివ్ డిజైనర్’ అని ఉంటే తీసేసి ‘పచ్చళ్లు, పొడులు, చిరుతిళ్ల ప్యాకెట్ల డిజైనర్’ అని పెట్టండి. జాబితాలో హెడ్‌లైన్ మొదటి భాగమే కనిపిస్తుంది, చివరిది తెగిపోతుంది. అసలు మాట ముందే ఉండాలి.

ఇక నోట్‌లో మిగిలేవి రెండే విషయాలు: ఆయనకే ఎందుకు రాస్తున్నారు, ఇప్పుడే ఎందుకు రాస్తున్నారు. వీటికి జవాబు ఆయన దగ్గరే వెతకాలి. ఆ కంపెనీ ఇటీవలి పోస్టులు చదవండి. గాజు సీసాలు వదిలి పౌచ్‌లకు మారుతున్నామని ఆయన ఒక పోస్టు పెట్టారనుకుందాం. మన పని తెలిసినవాళ్లకు ఆ ఒక్క వాక్యంలో చాలా కనిపిస్తుంది. సీసాకు కాగితం లేబుల్ అతికిస్తే సరిపోతుంది. పౌచ్‌కు గ్రావ్యూర్ ముద్రణ చేయిస్తే రంగుకో సిలిండర్ చొప్పున చేయించాలి, ఆ ఖర్చు ముందే పెట్టాలి. ఎనిమిది రంగుల డిజైన్‌ను ఐదు రంగుల్లో తీర్చగలిగితే మూడు సిలిండర్ల డబ్బు మిగులుతుంది. ఒకే రకం కాకుండా ఆవకాయ, గోంగూర, మాగాయ అంటూ పది రకాలు అమ్మే మనిషికి ఈ లెక్క వెంటనే తలకెక్కుతుంది. మీరు చెప్పాల్సిన మాట అదే.

ఇలాంటి సందర్భంలో నేనైతే ఇలా రాస్తాను:

‘నమస్కారం అండీ. గాజు సీసాల నుంచి పౌచ్‌లకు మారుతున్నట్టు మీ పోస్టులో చూశాను. నూనె పచ్చళ్ల పౌచ్‌లకే నేను డిజైన్లు చేస్తాను. రంగులు తగ్గించి సిలిండర్ల ఖర్చు ఆదా చేసిన నమూనా ఉంది, కావాలంటే పంపుతాను.’

కంప్యూటర్ లెక్కలో ఇది సుమారు 190. ఆయన పేరు చిన్నదైతే ‘అండీ’ తీసేసి పేరు పెట్టి ‘గారూ’ అనండి, ఇంకా బాగుంటుంది. ఇందులో నా అనుభవం ఎన్నేళ్లో లేదు, ‘మీ వంటి ప్రముఖ సంస్థతో’ అన్న పొగడ్త లేదు, ‘పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చా’ అన్న అడగడమూ లేదు. ముక్కూ ముఖం తెలియని మనిషి సమయం అడిగితే ఇవ్వాలా వద్దా అని ఆలోచించాల్సి వస్తుంది, ఆలోచన దగ్గర ఆగిన ఆహ్వానం అలాగే పడి ఉంటుంది. నమూనా పంపుతానంటే ఆయన చేయాల్సింది ఒక్క నొక్కు. వెబ్‌సైటు లింకు కూడా పెట్టకండి. అది చోటు తింటుంది, పైగా అపరిచితులు పంపిన లింకు తెరవడానికి జనం జంకుతారు. రాశాక ఒకసారి ఇలా పరీక్షించుకోండి: ఈ నోట్‌ను ఒక్క మాట కూడా మార్చకుండా ఇంకో పచ్చళ్ల కంపెనీకి పంపగలిగితే, అది ఇంకా తయారు కానట్టే.

ఆయన పోస్టులేమీ పెట్టకపోతే దుకాణానికి వెళ్లి ఆ కంపెనీ ప్యాకెట్ ఒకటి కొని ముందూ వెనకా తిప్పి చూడండి. నేను ఇది తప్పకుండా చేస్తాను. ఒకసారి ఇలాగే కొన్న ప్యాకెట్‌లో వెనక ముద్రించిన తయారీ తేదీ నూనె వేలితో రుద్దితే చెరిగిపోయింది. శాకాహార గుర్తు, ఆకుపచ్చ చతురస్రంలోని చుక్క, సీలు పక్క మడతలో సగం దాక్కుంది. ఇవి యజమాని తప్పక తెలుసుకోవాల్సిన సంగతులే, కానీ తొలి నోట్‌లో రాయవద్దని నా గట్టి అభిప్రాయం. ఎవరో తెలియని మనిషి మొదటి మాటగా తప్పు పడితే, అది నిజమైనా మనసు మూసుకుంటుంది. పైగా 200 అక్షరాల్లో తప్పు చెప్పడానికే చోటుంటుంది, దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడానికి ఉండదు. నోట్‌లో ‘మీ గోంగూర పౌచ్ కొని చూశాను, ముందు వైపు ఆకుల బొమ్మ బాగుంది’ అని, నిజంగా బాగుంటేనే, రాయండి. తేదీ సంగతి పరిచయం కుదిరాక ఫొటోతో పంపండి, పరిష్కారం కూడా అదే సందేశంలో ఉండాలి.

పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వెతుకులాట ఫలితాల్లో, సిఫారసుల జాబితాలో కనిపించే Connect నొక్కితే చాలాసార్లు నోట్ లేకుండానే ఆహ్వానం వెళ్లిపోతుంది. అందుకే ఆయన ప్రొఫైల్ తెరిచి, అక్కడ Connect నొక్కి, Add a note ఎంచుకోండి. Connect బయటికి కనిపించకపోతే More లోపల ఉంటుంది. ఫోనులోనైతే అదే చోట Personalize invite అని ఉంటుంది. నోట్‌ను ముందే వేరే చోట రాసుకుని, లెక్క చూసుకుని, తెచ్చి అతికించడం మంచిది. ఉచిత ఖాతాకు నెలకు కొద్ది నోట్లే ఇస్తారు కాబట్టి, చెప్పడానికి నిజమైన కారణం దొరికినవాళ్లకే వాటిని దాచుకోండి. ఊరికే పరిచయం కోసమైతే నోట్ లేని ఆహ్వానం చాలు.

ఆయన అంగీకరిస్తే ఆ రోజే మాట ఇచ్చిన నమూనా పంపండి: పాత డిజైన్, రంగులు తగ్గించిన డిజైన్ పక్కపక్కన ఉన్న ఒక్క బొమ్మ, దాని కింద రెండు వాక్యాలు. ధరల పట్టిక ఆయన అడిగాకే పంపాలి. జవాబు రాకుండా ఆహ్వానం అలాగే ఉంటే, నోట్ ఇంకా బాగా రాయవచ్చనిపించి వెనక్కి తీసుకోకండి. తీసుకున్న తర్వాత అదే వ్యక్తికి మళ్లీ ఆహ్వానం పంపాలంటే మూడు వారాల వరకు ఆగాల్సి వస్తుంది. ఆలోగా ఆయన పోస్టుల కింద పనికొచ్చే వ్యాఖ్య రాయవచ్చు. దానికి కనెక్షన్ అవసరం ఉండదు, అక్కడ మీ పేరు చూసి గుర్తుపట్టి ఆహ్వానం అంగీకరించినవాళ్లు నాకు తెలుసు.