అక్క ఫోన్‌లో అన్న ఆ మాట

"మా బావగారి ఆన్‌లైన్ వ్యాపారంలో వస్తువుల వివరాలు రాస్తాను. పండగ సేల్‌కు ముందురాత్రి పదకొండున్నరకు పేజీలు చూస్తుంటే, లైవ్‌లో ఆరు గిన్నెల సెట్టుకు ఒక్క గిన్నె ధర కనిపించింది. బావగారు ఫోన్ ఎత్తలేదు. అక్కకు చేస్తే 'ఇప్పుడు లేపితే కోప్పడతారు, పొద్దున చెబుదాంలే' అంది. నలభై నిమిషాలు ఆగి, నేనే స్టాక్ సున్నా చేశాను. అప్పటికే 37 ఆర్డర్లు. పొద్దున బావగారు అందరి ముందూ 'ధరల జోలి నీకెందుకు' అని అరిచారు. అక్క పక్కనే ఉండి నోరు మెదపలేదు. నేను చేసింది తప్పా? ఉద్యోగం మానేయనా?"

తప్పు కాదమ్మా. ఉద్యోగం సంగతి ఇప్పుడు వద్దు.

మీరు ధర ముట్టుకోలేదు, అమ్మకం ఆపారు. ఆ రెండూ ఒకటి కావు. సేల్‌లో చేర్చిన వస్తువు ధర చాలాచోట్ల లాక్ అయిపోతుంది. మార్చగలిగినా పేజీ మీదికి రావడానికి కొంత టైము పడుతుంది, ఈలోపు ఆర్డర్లు పడుతూనే ఉంటాయి. స్టాక్ సున్నా చేస్తే కొత్తవి ఆగుతాయి, కావాలంటే మళ్లీ తెరవొచ్చు. అది సెట్టు అని టైటిల్‌లో రాసింది మీరే కాబట్టి, తప్పు మీ కంటికి తగలడం సహజం.

మీ పొరపాటు ఆ నలభై నిమిషాలే. ఆర్డర్ల టైము తీసి చూడండి. సేల్ అర్ధరాత్రి మొదలై ఉంటే ఎక్కువ భాగం ఆ చివరి పది నిమిషాల్లోనే పడి ఉంటాయి. ఆ టైము మీరు ధర గురించి ఆలోచించలేదు. అక్క మాట కాదనాలా వద్దా అని ఆలోచించారు.

నాకు బాధ కలిగించింది అక్కడే. బావగారి కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది. మీ అక్క మాత్రం భర్త నిద్ర పాడవకూడదని ఆయన వ్యాపారాన్నే నష్టపోనిచ్చింది, పొద్దున మాటలు మీ మీద పడుతుంటే చూస్తూ నిలబడింది. 'నాకు రాత్రే ఫోన్ చేసింది, నేనే వద్దన్నాను' అన్న ఒక్క మాట ఆమె అనాల్సింది. పుట్టింటి పిల్లను తన ఇంటి వ్యాపారంలో పనికి పెట్టుకున్నాక ఆ మాత్రం అండగా నిలవడం అక్క బాధ్యత. కాపురం కోసం సర్దుకుపోవడాన్ని నేను తప్పుపట్టను. చెల్లెల్ని అడ్డం పెట్టి సర్దుకుంటే మాత్రం ఒప్పుకోను.

ఆమెతో ఒంటరిగా కూర్చుని ఇదే అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు మాట మార్చకండి.

బావగారికి మాటలు వద్దు, రాసి పంపండి: తప్పు ధర కనిపించే స్క్రీన్‌షాట్, మీరు ఫోన్ చేసిన టైము, స్టాక్ ఆపిన టైము. ధరల షీటులో ఒక గిన్నె వరుసలోని ధర సెట్టు వరుసలో పడిందేమో చూడండి. అదే అయితే మిగతా సెట్లలోనూ అలా పడి ఉండొచ్చు, అన్నీ విప్పి చూడాలి. ఆ 37 ఆర్డర్లను నష్టానికి పంపడమా, రద్దు చేసి కొన్నవాళ్లకు క్షమాపణ చెప్పడమా అన్నది ఆయన తేల్చుకోవాలి. రద్దులు ఎక్కువైతే అమ్మకందారుగా ఆయన రేటింగ్ దెబ్బతింటుంది కాబట్టి, ప్యాకింగ్ మొదలయ్యేలోపే తేల్చమనండి. ఈ కాగితం అందాక కూడా అక్క ముందు మీ మీద అరిస్తే, అప్పుడు ఉద్యోగం గురించి నాకు మళ్లీ రాయండి.