లోపిటాల్ రూల్‌ని రెండోసారి వాడే ముందు ఒకసారి చూసుకోండి

"ఫోటోలో ఉన్న లెక్క: x → 2 అయినప్పుడు (x³ − 8)/(x² − 4) లిమిట్ ఎంత? నాకు 6 వస్తోంది, వెనక ఆన్సర్ 3 అని ఉంది. ఫ్యాక్టర్లు చేయాలా, లోపిటాల్ వాడాలా? ప్రతి స్టెప్‌కీ కారణం కావాలి."

ఆ 6 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. మారతహళ్లిలో మా అక్క కూతురు సెకండ్ పీయూ చదువుతోంది, పోయిన నెల సరిగ్గా ఇలాంటి లెక్కే నా ముందు పెట్టి "మామయ్యా, రూల్ ప్రకారమే చేశాను కదా" అని ఏడుపు మొహం పెట్టింది. నోట్‌బుక్ చూస్తే పైనా కిందా డెరివేటివ్ తీసి 3x²/2x రాసింది, అక్కడితో ఆగకుండా మళ్లీ తీసి 6x/2 చేసి 2 పెట్టేసింది, 6 వచ్చింది. "మొదటిసారి తీశాక x దగ్గర 2 పెట్టి చూశావా?" అంటే లేదంది. పెడితే 12/4. అది 0/0 కానే కాదు, అంటే రూల్ వాడే హక్కు అక్కడితో అయిపోయింది, జవాబు 3. కోచింగ్‌లో "కింద x పోయేదాకా తీస్తూ పో" అని చెప్పారట! నాకు నిజంగా కోపం వచ్చింది. షరతు చెప్పకుండా రూల్ ఎలా నేర్పుతారండీ?

షరతులు ఇవీ. 2 పెడితే పైనా కిందా సున్నా రావాలి: 8 − 8, 4 − 4, వచ్చాయి. రెండూ బహుపదులు కాబట్టి డెరివేటివ్‌లు ఉంటాయి. కింది డెరివేటివ్ 2x, 2 దగ్గర్లో ఎక్కడా సున్నా కాదు. డెరివేటివ్‌ల నిష్పత్తికి లిమిట్ ఉండాలి, 12/4 ఉంది. ఇంకో మాట, పైదీ కిందదీ విడివిడిగా తీయాలి, భాగహార సూత్రం ఇక్కడ వాడకూడదు.

నన్నడిగితే ఈ లెక్కకి లోపిటాల్ అవసరమే లేదు. 2 పెడితే సున్నా వచ్చిన బహుపదికి (x − 2) కచ్చితంగా కారణాంకం, అది తొమ్మిదో క్లాసు పాఠమే. పైన (x − 2)(x² + 2x + 4), కింద (x − 2)(x + 2). (x − 2)ని కొట్టేయవచ్చు, ఎందుకంటే లిమిట్‌లో x 2కి దగ్గరవుతుందే తప్ప 2 కాదు, కాబట్టి మనం సున్నాతో భాగించడం లేదు. చాలామంది ఈ వాక్యం రాయరు, కానీ మీరడిగిన కారణం ఇదే. మిగిలింది (x² + 2x + 4)/(x + 2). ఇప్పుడు హారం 4, సున్నా కాదు, అందుకే నేరుగా 2 పెట్టొచ్చు: 12/4 = 3. కొట్టేసిన తర్వాత కూడా 2 పెట్టేదాకా ప్రతి లైన్లో lim రాయండి, అది లేకపోతే రెండు వేర్వేరు ఫంక్షన్లు సమానమని రాసినట్టవుతుంది.

ఇంకా అనుమానం ఉంటే కాలిక్యులేటర్‌లో x = 2.01 పెట్టండి. పైన 0.120601, కింద 0.0401, భాగిస్తే సుమారు 3.0075. 6 దరిదాపుల్లో కూడా లేదు.