7.05 మార్కుల ఉద్యోగమా, 7 మార్కుల ఉద్యోగమా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. నాగోల్‌లో సొంత ఫ్లాట్, ఈఎంఐ 32 వేలు. మా ఆవిడ టీచర్, నాలుగేళ్ల బాబు. ఇప్పుడు నెలకు 84 వేలు చేతికొస్తోంది, బ్యాంకులో లక్షన్నర ఉంది. రెండు ఆఫర్లు వచ్చాయి. నానక్‌రామ్‌గూడలో ఓ స్టార్టప్: సీటీసీ 18 లక్షలు, అందులో 3 లక్షలు వేరియబుల్. ఉప్పల్‌లో పాత కంపెనీ: 14 లక్షలు, వేరియబుల్ లేదు. రెండింట్లోనూ బేసిక్ నెలకు 50 వేలు. జీతానికి 40, ఎదుగుదలకు 25, ప్రయాణానికి 15, స్థిరత్వానికి 20 వెయిటేజీ ఇచ్చాను. అదే వరసలో స్టార్టప్‌కి 9, 8, 3, 5 మార్కులు, ఉప్పల్‌కి 7, 5, 9, 8 వేశాను. స్టార్టప్‌కి 7.05, ఉప్పల్‌కి 7.0 వచ్చాయి. స్టార్టప్‌లో చేరిపోనా?

జవాబు: ఆగండి. మీ గుణకారం సరిగ్గానే ఉంది, తేడా మార్కుల దగ్గర వచ్చింది. జీతానికి 9, 7 అని వేశారు కదా, 10 అంటే ఎంత జీతం, 0 అంటే ఎంత? అది ముందుగా అనుకోకుండా వేసిన మార్కు, సీటీసీ అంకె చూసి కలిగిన ముచ్చటే అవుతుంది. అందుకే ముందు ఆ సీటీసీని విప్పి చూద్దాం.

స్టార్టప్ 18 లక్షల్లోంచి వేరియబుల్ 3 లక్షలు పక్కన పెట్టండి. మిగిలిన 15 లక్షల్లో కంపెనీ వాటా పీఎఫ్ 72 వేలు, గ్రాట్యుటీ సుమారు 29 వేలు ఉంటాయి, అవి నెలనెలా రావు. మీ వాటా పీఎఫ్, వృత్తి పన్ను, 2025-26 కొత్త విధానం రేట్లతో ఆదాయపు పన్ను (దాదాపు 82 వేలు) పోగా ఏడాదికి చేతికొచ్చేది 12.43 లక్షలు. ఉప్పల్ ఆఫర్‌కి ఇదే లెక్క వేస్తే 12 లక్షలు. అంటే సీటీసీలో 4 లక్షల తేడా, నెల జీతంలో కేవలం మూడున్నర వేలకు దిగింది.

ఉప్పల్‌లో పన్ను 25 వేలే పడటానికి కారణం ఉంది. పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు కాస్త దాటినప్పుడు, దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా ఉపశమనం ఇస్తారు, దాని మీద సెస్సు మాత్రం పడుతుంది. పనిలో పనిగా ఒక మాట. ఆ కంపెనీ మీ జీతంలోంచి ఏడాదికి పాతిక వేలు ఎన్‌పీఎస్ పెన్షన్ ఖాతాలో తన వాటాగా కట్టడానికి ఒప్పుకుంటే ఆ పన్ను మొత్తం పోతుంది, చేతికొచ్చేదీ తగ్గదు. హెచ్‌ఆర్‌ని అడగండి.

ఇక వేరియబుల్. గత రెండు మూడేళ్లలో నిజంగా ఎంత శాతం ఇచ్చారో అక్కడ పనిచేసేవాళ్లని కనుక్కోండి. అది తెలిసేదాకా నేను 60 శాతం దగ్గరే ఆగుతాను. పన్ను పోగా లక్షన్నర. అందులోంచి మెట్రోకి, రాయదుర్గం నుంచి ఆఫీసు దాకా ఆటోకి అయ్యే ఖర్చు, ఉప్పల్‌కి బండి మీద వెళ్తే అయ్యేదానికంటే ఏడాదికి 38 వేలు ఎక్కువ అనుకుందాం. అదీ తీసేస్తే స్టార్టప్ 13.57 లక్షలు, ఉప్పల్ 12 లక్షలు. చార్జీలు జీతంలోనే తీసేశాం కాబట్టి, ప్రయాణం మార్కుల్లో ఇక సమయం ఒక్కటే చూడాలి. లేకపోతే ఒకే ఖర్చుకి రెండుసార్లు మార్కులు కోసినట్టవుతుంది.

ఇప్పుడు స్కేలు పెట్టుకుందాం. మీ ప్రస్తుత జీతం ఏడాదికి సుమారు 10 లక్షలు, దానికి 0. మీ అనుభవానికి ఆశించగలిగే గరిష్ఠం 15 లక్షలు అనుకుని దానికి 10. అప్పుడు స్టార్టప్‌కి 7, ఉప్పల్‌కి 4. చూశారా, తేడా మీరు వేసినదానికంటే పెరిగింది. స్కేలు పెట్టడం ఉప్పల్‌ని గెలిపించే ఎత్తు కాదు.

అసలు చూడాల్సింది వెయిటేజీ. దాని వెనక మీరు చెప్పకుండా చెప్పిన ధర ఒకటి ఉంది. జీతంలో 5 లక్షల తేడాకి 40 పాయింట్లు ఇచ్చారు, అంటే పాయింటు ధర 12,500. ప్రయాణానికి 15 పాయింట్లంటే 1,87,500. నాగోల్ నుంచి నానక్‌రామ్‌గూడకి మెట్రో, ఆటో కలిపి గంటన్నర అనుకుంటే రానూపోనూ మూడు గంటలు. 240 పనిదినాలకు 720 గంటలు. భాగించండి, గంటకు 260 రూపాయలు. ఉప్పల్ జీతాన్నే రోజుకు తొమ్మిది గంటల చొప్పున లెక్కేస్తే మీ గంట విలువ 550 దాటుతుంది. బాబు దగ్గర గడిపే సాయంత్రాన్ని అందులో సగం కంటే తక్కువకి అమ్ముతారా? అమ్ముతానంటే 15 అలాగే ఉంచండి, అది మీ ఇష్టం. లేదంటే ప్రయాణానికి 25 ఇచ్చి, జీతం 35కి, ఎదుగుదల 20కి తగ్గించండి. అప్పుడు గంట ధర దాదాపు 500 అవుతుంది. రోజుకు మూడు గంటలకి 0, అసలు ప్రయాణమే లేకపోతే 10 అనుకుంటే, స్టార్టప్‌కి 0, రానూపోనూ 50 నిమిషాలు పట్టే ఉప్పల్‌కి 7.

స్థిరత్వంలో మీరు స్టార్టప్‌కి ఇచ్చిన 5 నాకు ఎక్కువే అనిపిస్తోంది. ఈ మార్కు కంపెనీకే కాదు, మీ పొదుపుకి కూడా. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 75 వేలనుకుంటే మీ లక్షన్నర రెండు నెలలే వస్తుంది. ఆరు నెలలకి సరిపడా ఉన్నవాడికి అదే ఉద్యోగం 5 కావచ్చు, మీకు 3. కంపెనీ సంగతి మాటల్లో వినడం కంటే ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరుతో వెతకండి. ఏ నెలకి ఎంతమంది ఉద్యోగులకు పీఎఫ్ కట్టారో, ఏ తేదీన కట్టారో అక్కడ ఎవరైనా చూడొచ్చు, డబ్బులేం అక్కర్లేదు. ఉద్యోగుల సంఖ్య నెలనెలా జారుతున్నా, పీఎఫ్ గడువు దాటి జమవుతున్నా ఆ 3ని 2 చేయండి. ఉప్పల్‌కీ ఇలాగే చూడండి, పాత కంపెనీ అని వదిలేయొద్దు. ప్రస్తుతానికి దానికి 7 వేస్తున్నాను.

ఎదుగుదలకి మీరు వేసిన 8, బహుశా ఇంటర్వ్యూలో విన్న మాటల వల్ల వచ్చి ఉంటుంది. ఆ టీమ్ నుంచి గత రెండేళ్లలో వెళ్లిపోయినవాళ్లు ఎక్కడ, ఏ హోదాలో చేరారో లింక్‌డ్‌ఇన్‌లో చూసుకోండి. ఈలోగా 7, 5 అనుకుందాం.

కొత్త వెయిటేజీతో కూడితే స్టార్టప్‌కి 4.45, ఉప్పల్‌కి 5.55. మీ పాత వెయిటేజీనే ఉంచి, మార్కులు మాత్రం మార్చినా 5.15, 5.30. అంటే రెండు లెక్కల్లోనూ ఉప్పలే ముందుంది, కానీ రెండో లెక్కలో ఆ ఆధిక్యం చాలా పల్చన. ఒక్క మార్కు అటూ ఇటూ అయితే తిరగబడుతుంది. మీ 0.05 కూడా అలాంటిదే, దాన్ని పట్టుకుని రాజీనామా రాయకూడదు.

ఏది మారితే ఫలితం మారుతుందో కూడా చూశాను. స్టార్టప్ వారానికి మూడు రోజులే ఆఫీసుకి రమ్మంటే ప్రయాణం మార్కు 0 నుంచి 4 అవుతుంది, చార్జీలూ తగ్గుతాయి, మొత్తం 5.6కి చేరి ఉప్పల్‌తో సమానమవుతుంది. వేరియబుల్‌లో లక్ష రూపాయలు ఫిక్స్‌డ్‌కి మార్చితే ఇంకో పావు మార్కు దాకా కలుస్తుంది.

కాబట్టి స్టార్టప్ హెచ్‌ఆర్‌కి ఈ రెండూ అడుగుతూ మెయిల్ పెట్టండి. మేనేజర్ నోటిమాట చాలదు, ఆఫర్ లెటర్‌లో రాసివ్వాలి. రెండూ ఒప్పుకుని, పీఎఫ్ వివరాలు శుభ్రంగా ఉంటే అందులో చేరండి. మూడు రోజుల మాట రాసివ్వలేమంటే మాత్రం ఉప్పల్ ఆఫర్ మీద సంతకం పెట్టండి, వాళ్లిచ్చిన గడువు దాటకముందే.