‘అందుకే’ అన్న మాట దగ్గర ఆగి చూడు

తమ్ముడూ,

నీ పుస్తకం మళ్లీ అచ్చుకు వెళ్తోందని, పబ్లిషర్ నెల రోజుల్లో సవరణలు ఇమ్మన్నారని రాశావు. పాఠకులు పంపిన తప్పుల జాబితా కూడా పంపావు కదా, రెండుసార్లు చదివాను. పాత అంకె ఉన్నచోట కొత్త అంకె పెట్టేస్తే పని అయిపోతుందని నువ్వు అనుకుంటున్నట్టు అనిపించింది. నేనూ మొదట్లో అలాగే అనుకుని దెబ్బతిన్నాను కాబట్టి ఈ ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది.

నా ఖగోళశాస్త్రం పుస్తకం 2018 చివర్లో వచ్చింది. అప్పటికి తెలిసిన లెక్క ప్రకారం గురుగ్రహానికి 79 ఉపగ్రహాలు, శనికి 62. నేను రాసింది ఇలా ఉంది: ‘గ్రహాలన్నిటిలో గురువే పెద్దది, దాని ఆకర్షణ శక్తే ఎక్కువ, అందుకే దానికే ఎక్కువ ఉపగ్రహాలున్నాయి.’ మరుసటి ఏడాది అక్టోబరులో శనికి కొత్తగా 20 ఉపగ్రహాలు కనుక్కున్నట్టు ప్రకటించారు. లెక్క 82కి చేరి శని ముందుకొచ్చింది. ఒక పాఠకుడు వెంటనే ఉత్తరం రాశాడు, ‘62 కాదు, 82’ అని. నేను నోట్‌బుక్‌లో రాసుకుని, మళ్లీ అచ్చు వేసేటప్పుడు ఆ ఒక్క అంకె మార్పించాను.

ఫలితం ఊహించుకో. శనికి 82, గురువుకి 79 అని ఒక వాక్యంలో ఉంది, దాని కిందే ‘అందుకే గురువుకే ఎక్కువ’ అని ఉంది. పుస్తకం చివరి పట్టికలో మాత్రం 62 అలాగే ఉండిపోయింది. బొమ్మ కింద రాసిన మాటలోనూ అంతే. అధ్యాయం చివర పిల్లల కోసం ‘ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది?’ అని ప్రశ్న పెట్టాను, జవాబుల పేజీలో గురువు అనే ఉంది. సవరించక ముందు నా పుస్తకం పాతబడింది, అంతే. సవరించాక తనతో తానే పోట్లాడుకుంది. పాతబడిన పుస్తకాన్ని పాఠకుడు అర్థం చేసుకుంటాడు, ఒక పేజీ ఒకటి చెప్పి ఇంకో పేజీ ఇంకోటి చెబితే మాత్రం మిగతా పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

కాబట్టి జాబితాలో ఒక్కో అంశం తీసుకున్నప్పుడు ఆ విషయం పుస్తకంలో ఇంకా ఎక్కడెక్కడ ఉందో ముందు వెతుకు. అంకెతో మాత్రమే వెతికితే దొరకదు, ఎందుకంటే ఒకచోట 62 అని, ఇంకోచోట ‘అరవైకి పైగా’ అని, మరోచోట అసలు అంకె లేకుండా ‘గురువు తర్వాతి స్థానం శనిది’ అని రాసి ఉంటాం. పేరుతో వెతుకు, అక్షరాల్లో రాసిన సంఖ్యతో వెతుకు, పట్టికలు, బొమ్మల కింది మాటలు, పదసూచిక, వెనక అట్ట మీది వాక్యాలు కళ్లతో చదువు. తర్వాత ఆ వాస్తవం మీద ఏ వాదన నిలబడిందో చూడు. ‘అందుకే’, ‘కాబట్టి’, ‘ఇప్పటికీ’, ‘అన్నిటికన్నా’ అనే మాటల దగ్గర ఆగు. పాత అంకె మీద కట్టిన కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది.

నా విషయంలో తప్పు అంకెలో లేదు, ఆ ‘అందుకే’లో ఉంది. అంకె 2018లో సరైనదే, తర్వాత మారింది. కారణం మాత్రం రాసిన రోజునే బలహీనం. కొత్తగా దొరికిన ఉపగ్రహాల్లో చాలావరకు కొన్ని కిలోమీటర్ల వ్యాసం ఉన్న చిన్న రాళ్లు, గ్రహానికి చాలా దూరంగా తిరిగేవి. పెద్ద టెలిస్కోపులతో తీసిన చిత్రాలను ఒకదాని మీద ఒకటి కలిపి చూస్తే గానీ అవి కనిపించవు. అంటే ఆ లెక్క గ్రహం ఆకర్షణతో పాటు మన పరికరాల చూపు గురించీ చెబుతుంది. 2023 ఫిబ్రవరిలో గురువు 92తో మళ్లీ ముందుకొచ్చింది, మే నెలలో శని 145కి, ఆ తర్వాత ఇంకొకటి కలిసి 146కి చేరింది, 2025 మార్చిలో ఒకేసారి 128 కలిసి శని లెక్క 274 అయింది. సవరించిన ముద్రణలో ఆ పేరా మొత్తం తీసేసి ‘2025 మార్చి నాటికి తెలిసినవి 274’ అని రాశాను, లెక్క ఎందుకు మారుతూ ఉంటుందో నాలుగు వాక్యాల్లో చెప్పాను. పిల్లల ప్రశ్న తీసేశాను. తొందరగా మారే అంకెకి తేదీ తగిలించు, లేదా అంకె అవసరం లేకుండా వాక్యం రాయి. ఒకటి మర్చిపోకు, ఎవరో చెప్పిన మాటను యథాతథంగా ఇచ్చి ఉంటే అందులోని పాత అంకెను ముట్టుకోవద్దు, పక్కన నీ మాటగా వివరణ ఇవ్వు.

పాఠకుల సవరణల గురించి అడిగావు. ప్రతిదాన్నీ మూలంతో సరిచూడాల్సిందే, చెప్పింది ఎంత పెద్దవారైనా సరే. అయితే పాఠకుడు చెప్పింది తప్పని తేలినా ఆ ఉత్తరాన్ని పక్కన పడేయకు. ‘చంద్రుడు తన చుట్టూ తాను తిరుగుతాడని రాశారు, మనకు ఎప్పుడూ ఒకే వైపు కనిపిస్తుంటే ఎలా తిరుగుతాడు?’ అని నాకు ఒకామె రాసింది. చంద్రుడు తిరుగుతాడు. భూమిని ఒకసారి చుట్టడానికీ, తన చుట్టూ ఒకసారి తిరగడానికీ ఒకే సమయం, దాదాపు 27.3 రోజులు పడుతుంది కాబట్టే ఒకే వైపు కనిపిస్తుంది. నా వాస్తవం సరైనదే. కానీ అదే సందేహం మరో ఇద్దరి నుంచి వచ్చేసరికి పేరా తీసి చదివాను, చంద్రుడు తిరుగుతాడని చెప్పానే గానీ రెండు సమయాలూ సమానమన్న సంగతి రెండు పేజీల తర్వాత ఎక్కడో ఉంది. ఆ వాక్యాన్ని ముందుకు తెచ్చాను, ఆ తర్వాత ఆ సందేహం మళ్లీ రాలేదు.

ఇక ఫైలు సంగతి. నీ కంప్యూటర్‌లో ఉన్న ఫైలు మీద సవరణలు మొదలుపెట్టావని రాశావు, దయచేసి ఆపు. మొదటిసారి ప్రూఫులు దిద్దినప్పుడు ఆ దిద్దుబాట్లు పేజీలు కట్టిన ఫైల్లోకి వెళ్లాయి, నీ ఫైల్లోకి రాలేదు. నీ దాని మీద పనిచేస్తే అప్పుడు తీసేసిన తప్పులన్నీ తిరిగొస్తాయి. నా రెండో పుస్తకంలో ఒక అధ్యాయానికి అదే జరిగింది, పుస్తకం చేతికొచ్చాక గానీ తెలియలేదు. అచ్చుకు వెళ్లిన ఆఖరి ఫైలు అడిగి తెప్పించుకో. అది వచ్చేలోగా అచ్చయిన పుస్తకం ఒక కాపీ పక్కన పెట్టుకుని, ప్రతి సవరణా ఎర్ర సిరాతో అందులోనే గుర్తించు, పక్కన తేదీ, ఎక్కడ సరిచూశావో రాసుకో.

ఇది ఉత్త పునర్ముద్రణా, సవరించిన ముద్రణా అన్నది కూడా పబ్లిషర్‌ని స్పష్టంగా అడుగు. పునర్ముద్రణ అయితే పేజీలు కదలకూడదు, నువ్వు కలిపే మాట ఆ పేజీలోనే, వీలైతే ఆ లైన్లోనే ఇమడాలి. రెండు లైన్లు పెరిగినా కింది పేజీలన్నీ జరిగి పదసూచిక, ‘45వ పేజీ చూడండి’ లాంటి సూచనలు తప్పిపోతాయి. శని పేరా లాంటిది మొత్తంగా తిరగరాయాలంటే సవరించిన ముద్రణే కావాలి, దానికి ఐ.ఎస్.బి.ఎన్. కూడా కొత్తది తీసుకుంటారు. అర్థాన్ని మార్చే తప్పు దిద్దినప్పుడు ముందుమాటలో ఆ సంగతి చెప్పు, పాత కాపీ ఉన్నవాళ్లకు తెలియాలి కదా.

ప్రూఫులు వచ్చాక ఎర్ర సిరా కాపీ పక్కన పెట్టుకుని ప్రతి సవరణనూ, దాని పైదీ కిందిదీ లైన్లు కూడా చదువు. ఒక మాట దిద్దుతూ పక్క మాట చెరిపేయడం టైపింగ్‌లో మామూలే. అన్నిటికన్నా ముందు ఆ ఫైలు కోసం రేపే ఫోన్ చెయ్యి, పాతవి ఎక్కువ కాలం దాచి ఉంచుతారని నమ్మకం లేదు.

ప్రేమతో,
అన్నయ్య