ఊళ్ల పేర్లకు నాలుగు నియమాలు

తమ్ముడూ,

నీ కథ కోసం కల్పించిన రాజ్యం మ్యాప్ చూశాను. అగ్నిధ్వజం పక్కనే థ్రాక్‌మోర్, దాని కింద మిఠాలి. మూడింటినీ ఒకే జనం పలికారంటే నమ్మబుద్ధి కాలేదు. ఒక్కో పేరూ విడిగా బాగానే ఉంది. కానీ ఒక జనం నోట కొన్ని శబ్దాలే తిరుగుతాయి, అవే పేర్లన్నింటిలోనూ వినపడాలి.

కాబట్టి పేర్లు పక్కన పెట్టి ముందు నోటిని తయారుచెయ్యి. నాలుగు నియమాలు చాలు. ఈ భాషలో ఖ, ఘ, థ, భ లాంటి ఒత్తక్షరాలు లేవు, శ, ష లేవు. పేరు ఎప్పుడూ సంయుక్తాక్షరంతో మొదలవదు. చివర అచ్చు ఉండాలి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: రెండు మాటలు కలిసినప్పుడు అచ్చు తర్వాత వచ్చే ప, వ అవుతుంది, సున్న తర్వాత వస్తే బ అవుతుంది. మన గసడదవాదేశం గుర్తుందిగా, 'వాడు పోయె' 'వాడు వోయె' అయినట్టు.

ఇప్పుడు మాటలు కావాలి. లీమ అంటే ఏరు, కున్ అంటే కొండ, పెనె అంటే ఊరు అనుకుందాం. ఏటి ఒడ్డు ఊరు లీమవెనె. కొండ మీది ఊరు కుంబెనె. వెనె, బెనె ఒకటేనని నువ్వు చెప్పనక్కర్లేదు. నాలుగైదు ఊళ్లు వచ్చేసరికి పాఠకుడే పట్టేస్తాడు.

పక్క రాజ్యానికి కొత్త భాష కల్పించే పని కూడా లేదు, ఒక్క నియమం మార్చు. కన్నడంలో మాట మొదటి ప, హ అయింది. అందుకే మన పల్లి వాళ్లకు హళ్లి. పంప హంపె అయిన తీరు చూడు: మొదటి ప మారింది, సున్న తర్వాతిది మాత్రం నిలిచింది. అలాగే నీ పక్క రాజ్యం వాళ్లు ఊరిని హెనె అంటారు, లీమవెనెని లీమహెనె అంటారు. కుంబెనె మాత్రం రెండు వైపులా కుంబెనే. సరిహద్దు ఊరు ఒకప్పుడు ఎవరిదో పేరులోనే తెలిసిపోతుంది. నాకైతే ఇది యుద్ధఘట్టం కంటే ఇష్టం.

ఇందులో రెండు చిక్కులున్నాయి. నియమాలు తక్కువ కాబట్టి పేర్లు ఒకే పోలికలో వస్తాయి. లీమవెనె, లీనవెనె ఒకే కథలో ఉంటే పాఠకుడు తడబడతాడు, అందుకే ముఖ్యమైన ఊళ్లకు మొదటి అక్షరం వేరుగా ఉండేలా చూసుకో. రెండోది మన చెవి. కొండకు నేను మొదట కుళ్ అనుకున్నాను. పైకి చదివితే కుళ్లు వినపడింది, వెంటనే మార్చేశాను. ప్రతి పేరునూ ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించు. నవ్వారంటే ఆ ఒక్క పేరు కాదు, ఆ మూలమాటే మార్చు.

అగ్నిధ్వజం నీకు మరీ ఇష్టమైతే ఉంచుకో. బయటి నుంచి వచ్చిన రాజు కట్టించిన కోట అని చెప్పు, ఊరి జనం దాన్ని తమ నోటితో ఎలా పలుకుతారో కూడా రాయి. ఒత్తులు పోయి, అగ్గిదజ అవుతుందేమో చూడు.

నీ అన్నయ్య